కిలోమీటరు దూరానికి కన్నీటి వీడ్కోలు

ఆ రోజుల్లో నాకు తెలుగు వచ్చు అనే జబ్బు ఉండేది. ఇప్పుడు తగ్గిపోయింది, మందులేం వాడలే, ఒక్క శనివారం సాయంత్రం దెబ్బకే తగ్గింది. బడిల చదివేటప్పుడు వ్యాసరచన పోటీలల్ల రెండుసార్లు స్టీలు గ్లాసు గెలిచిన (మూడోసారి గిన్నె ఇచ్చిన్రు, అది మా అమ్మ ఇప్పటికీ పెరుగు తోడు పెట్టడానికి వాడుతది). ఆ గ్లాసుల బలంతోనే ఎర్రుపాలెం దగ్గరి మా ఊరి నుంచి ఖమ్మం వచ్చి, పంపుసెట్లు, డ్రిప్పు పైపులు అమ్మే ఒక కంపెనీ బ్రాంచి ఆఫీసుల కొలువుకు కుదిరిన. పని ఏందంటే, ఏ పైపు ఏ ఊరికి పోయిందో కంప్యూటర్ల ఎక్కించుడు. దానికి కవిత్వం అక్కర్లేదు. కానీ నేను ఊరుకుంటనా? "సరుకు అందగలదు" అని రాయాల్సిన చోట "సరుకు తమ చెంతకు పయనమైనది" అని రాసేటోణ్ణి. రైతులు ఫోను చేసి, "పైపులు వస్తయా రావా, సక్కగ చెప్పు" అని అడిగేవాళ్లు. ఆఫీసుల అందరూ నన్ను 'కవి' అని పిలిచేవాళ్లు. అది మెచ్చుకోలు అనుకొని సంవత్సరం పాటు ఉబ్బిపోయిన.

ఆ ఫోన్లన్నీ ఎత్తేది మా అక్క. సొంత అక్క కాదు, కంప్లెయింట్ల బల్ల అక్క. మధిర వైపు మామిడితోటల రైతు మొదలు భద్రాచలం అవతల అడవి అంచున రెండెకరాల పొలం చేసుకునే కోయ రైతు దాక, మోటరు తిరగకపోయినా, పైపు పగిలినా, కరెంటు రాకపోయినా (అది మా కంపెనీ తప్పు కాదని ఎంత చెప్పినా వినేవాళ్లు కాదు), ఫోను మోగేది ఆమె బల్ల మీదనే. ఒక్కొక్కరికి ఒక్కొక్క గొంతు వాడేది. కోపమొచ్చినోళ్లతోని నెమ్మదిగ, కంగారుపడేటోళ్లతోని గట్టిగ, ముసలోళ్లతోని ముందు పొలం ముచ్చట అడిగి తర్వాత మోటరు ముచ్చట. "మాట ఒక్కటే తమ్మీ, గొంతు మారితే మనిషి మారుతడు" అనేది. నేను ఈ మాట విని ఊ కొట్టిన. వినుడు వేరు, బుర్రకెక్కుడు వేరు.

నేను కొలువుల చేరిన రెండో వారమే దుమ్ముగూడెం వైపు పోవాల్సిన పైపుల లోడు సత్తుపల్లికి పంపిన. అటు రైతు నారు పోసుకొని కూర్చున్నడు, ఇటు లారీ ఎల్లిపోయింది. మేనేజర్ సారు నన్ను ఇంటికి పంపేటోడే. అక్క ఆ రైతుకు ఫోను చేసి, అరగంట మాట్లాడి, రెండు రోజుల గడువు తెచ్చింది. తర్వాత నా దిక్కు చూసి, "అన్నం తిన్నవా?" అని మాత్రం అడిగింది. ఆ రోజు నుంచి నేను ఆమె మనిషిని.

అన్నం ముచ్చట వచ్చింది గనక అదీ చెప్తా. మా ఆఫీసు వెనక స్టోరు రూముల పైపుల కట్టల మీద కూర్చొని ఏడుగురం కలిసి తినేవాళ్లం. ఎవరి అన్నం వాళ్లది, కూరలు అందరివి. అల్మారి పై అరల ఏడు స్టీలు పళ్లాలు బోర్లించి ఉండేవి, ఒక్కొక్కదాని అడుగున మేకుతోని గీసిన పేరు. పళ్లెం అరల ఉన్నదంటే ఆ మనిషి మాలో ఉన్నట్టు, ఎవరికీ పిలుపు అవసరం లేదు. ఎవరన్నా సెలవు పెట్టినా వాళ్ల పళ్లెం కదిలించేవాళ్లం కాదు. బుధవారం అక్క వంతు. పచ్చిపులుసు, ఎండుచేపల వేపుడు తెచ్చేది. ఆ రోజు మేనేజర్ సారు కూడా తన గదిల నుంచి ముక్కుతోనే దారి పట్టుకొని వచ్చేవాడు.

అట్లాంటి అక్క ఒకరోజు కొలువు మానేస్తున్న అన్నది. బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు దవాఖానాల రిసెప్షన్ల చేరుతుందట. వాళ్ల అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, ఇంటికి టైముకు పోవాలె. ఇక్కడ సీజన్ల ఆదివారం చర్చికి ప్రార్థనకు పోయినా ఫోను మోగేది. అది న్యాయమైన కారణమే. ఇల్లు మారట్లే, ఖానాపురం హవేలి బస్తీల అదే ఇల్లు. నేను కిరాయికి ఉండే గది వాళ్లింటికి రెండు సందుల అవతలనే. పొద్దున ఇద్దరం ఒకటే షేర్ ఆటో ఎక్కేవాళ్లం. ఇక నుంచి కూడా అదే ఆటో, కాకపోతే ఆమె నాకంటే ఒక కిలోమీటరు ముందు దిగుతది. అంతే మార్పు. ఆ 'అంతే' అనే మాట నా బుర్రకెక్కితే ఈ కథే లేదు.

మేనేజర్ సారు నన్ను పిలిచి, "కవీ, వీడ్కోలు సభ నువ్వే చూడు. మాట్లాడేది కూడా నువ్వే. ఎందుకు మానేస్తుందో ఎత్తకు, జీతాల ముచ్చట ఎత్తకు, రెండు నిమిషాలు దాటకు. మిగిలినోళ్లం సోమవారం మళ్లీ ఇక్కడనే పనిచెయ్యాలె" అన్నడు. రెండు నిమిషాలు అనే మాట నాకు వినబడనే లేదు. 'మాట్లాడేది నువ్వే' దగ్గరనే చెవులు మూసుకుపోయినయ్.

మా భద్రాచలం డిపో చూసే బాబాయి వారానికోసారి బస్సెక్కి లెక్క అప్పజెప్పనీకి ఖమ్మం వచ్చేవాడు. ఆయన వీడ్కోళ్లల్ల ఆరితేరినోడు. భద్రాచలంల ఆఫీసులెక్కువ, బదిలీలెక్కువ. సరుకు ఇచ్చిన పరిచయంతోని ప్రతి సభకూ ఆయనకు పిలుపొచ్చేది. గోదారి పొంగినప్పుడు గోదాము సరుకు మిద్దెక్కించుకుంటనే ఒకసారి వీడ్కోలుకు పోయొచ్చిన మనిషి. నా ముచ్చట విని, ఛాయ్ గ్లాసు కిందపెట్టి పాఠం మొదలుపెట్టిండు.

"చూడు బిడ్డా, రిటైర్మెంట్ అయితే దాని పద్ధతి వేరు. సర్వీసంతా చెప్పాలె, శాలువ కప్పాలె, ఆరోగ్యం జాగ్రత్త అనాలె. దూరం బదిలీ అయితే ఊరుగాని ఊరు పోతడు పాపం, పెట్టె కొనియ్యొచ్చు, రెండు కన్నీళ్లు పెట్టుకున్నా తప్పులేదు. ఇది ఆ రెండూ కాదు. ఊర్లనే ఉండి కొలువు మారుడు. దీనికి గొంతు తగ్గించాలె. ఖాళీ అయ్యేది కుర్చీ, మనిషి కాదు. ఆమె చేసిన పని ఒక్కటి చెప్పు, పది వద్దు, ఒక్కటే, పేరు పెట్టి. కొత్త కొలువుకు సంతోషమని చెప్పు. ఎక్కడ చేరుతుందో మాత్రం ఆమెను అడిగి, సరే అంటేనే చెప్పు. మళ్లీ ఎప్పుడు కలుస్తరో రోజు పెట్టు. 'ఎప్పుడన్నా కలుద్దాం' అనకు, ఎప్పుడన్నా అంటే ఎప్పుడూ లేదని. 'మమ్మల్ని మరిచిపోకు' అనకు, ఆమె ఏదో తప్పు చేసి పోతున్నట్టుంటది. 'నువ్వు లేకుంటే ఆఫీసు నడువదు' అనకు, ఉన్నోళ్లు నొచ్చుకుంటరు. ఇంక కూర్చో. సమోసా తిను."

"అంతేనా బాబాయ్?" అన్న.

"అవ్, అంతే."

నాకు మనసుల నవ్వొచ్చింది. పాపం పెద్దాయన, పైపులమ్ముకునేటోడు, ఆయనకు సాహిత్యం ఏం తెలుసు అనుకున్న (నేను అమ్మేది కూడా పైపులే అని అప్పుడు గుర్తుకు రాలే). సమోసా తిను అనేది కూడా ఒక ముగింపేనా? అక్క నా కొలువు నిలబెట్టింది. ఆమెకు నేనిచ్చేది ఒక్క ముక్కా? ప్రేమ ఎంతుంటే మాట అంత పెద్దగ ఉండాలని నా లెక్క.

గదిల కూర్చొని నాలుగు పేజీలు రాసిన. నేను అప్పటిదాక విన్న సభలు రెండే రెండు. ఒకటి మా హెడ్మాస్టరు రిటైర్మెంటు, ఇంకోటి మా ఊరి పెద్దమనిషి ఒకాయన సంతాప సభ. రెండిట్ల రెండోదే బాగా రక్తి కట్టింది, జనం బాగా ఏడ్చిన్రు. అందుకని ఎక్కువ మాల్మసాలా దాంట్లనించే తీసుకున్న. పైకి చదువుకుంటుంటే నాకే ఏడుపొచ్చింది. కిటికిల నుంచి పక్కింటామె, "ఏమైంది తమ్మీ, ఊర్ల అందరూ మంచిగున్నరా?" అని అడిగింది. అప్పుడన్నా ఆగొచ్చు. ఆగలే. మంచిగ పండిందని సంబరపడ్డ.

కానుక కూడా నేనే కొన్న. వీడ్కోలంటే పెట్టె ఇస్తరని తెలుసు గదా. నీలం రంగు సూట్‌కేసు, నాలుగు చక్రాలది. మనిషి పోయేది కిలోమీటరు దూరం. ఆ పెట్టెల పదిహేను రోజుల బట్టలు పడతయ్.

శనివారం నాలుగింటికి స్టోరు రూముల కుర్చీలేసినం. అక్క మంచి చీర కట్టుకొని, వాళ్ల అత్తమ్మను వెంటబెట్టుకొని వచ్చింది. ఆ అమ్మమ్మకు మోకాళ్లు పనిచెయ్యకపోయినా చెవులు, నోరు బ్రహ్మాండంగ పనిచేస్తయ్. ముందు వరసల కూర్చొని, కర్ర ఒళ్లో పెట్టుకొని, నా దిక్కు ఆశగ చూసింది. అక్క చేతిల చిన్న కాగితం మడత ఉన్నది. ఏదో మాట్లాడదామని రాసుకొచ్చినట్టుంది. నేను గొంతు సవరించుకున్న.

"ఓ సోదరీ! నీవు లేని ఈ కార్యాలయం దీపం లేని గుడి. నీ స్వరం ఇక మాకు వినిపించదు. నీ చిరునవ్వు ఇక మాకు జ్ఞాపకమే..." అని మొదలుపెట్టిన. మొదటి పేజీకే వెనక ఎవరో ముక్కు చీదిన్రు. నాకు హుషారొచ్చింది. రెండో పేజీల 'తీరని లోటు' మూడుసార్లు వచ్చింది. అక్క కుర్చీల కూర్చునేందుకు ఎంపికైన కొత్త అమ్మాయి అప్పుడే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డది. తీరని లోటు అన్నప్పుడల్లా ఒక అడుగు వెనక్కి వేసింది. మూడో పేజీ చివర, చెయ్యి పైకెత్తి, "మళ్లీ జన్మంటూ ఉంటే, ఇదే బ్రాంచిల, ఇదే పైపుల నడుమ కలుసుకుందాం!" అన్న.

అమ్మమ్మ కర్ర నేలకు కొట్టింది. "ఆగు బిడ్డా. మాకు మళ్లీ జన్మలు గిన్మలు లెవ్వు గాని, నువ్వు సోమవారం పొద్దున ఆటోల కలుస్తవ్ గదా?"

ఎవరో కిసుక్కున నవ్విన్రు. నేను కవిని గదా, ఇట్లాంటి అడ్డంకులకు చలిస్తనా? వేగం పెంచిన. నాలుగో పేజీ చివర 'అందరూ లేచి చప్పట్లతో' అని రాయాల్సింది. సంతాప సభ నోట్సు చూసి రాసిన గనక చెయ్యి దాని దారిన అది పోయింది. "ఇప్పుడందరం లేచి నిలబడి ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం" అని చదివేసిన. చదివినంక నాకే అనుమానమొచ్చింది. కానీ అప్పటికే మేనేజర్ సారు లేచి నిలబడి, చేతులు కట్టుకొని, తల వంచిండు. సారు లేస్తే అందరూ లేవాలె గదా, లేచిన్రు. అక్క కూడా, ఏం చెయ్యాల్నో తెల్వక, లేచి తన కోసం తనే తల వంచుకొని నిలబడ్డది.

ఆ నిశ్శబ్దంల కంప్లెయింట్ల ఫోను మోగింది.

మూడుసార్లు మోగింది. ఎవరూ కదల్లే, మౌనంల ఉన్నం గదా. నాలుగోసారికి అక్కకు ఆగబుద్ధి కాలే. ముందు గదిలకు నడిచిపోయి ఎత్తింది. "చెప్పండన్నా... మోటరు చప్పుడు చేస్తుందా, అసలు తిరగట్లేదా?... వాల్వు చూసిన్రా?... ఆ, నేనే, ఇంకెవరుంటరు." మౌనంల నిలబడ్డోళ్లందరికీ ప్రతి మాటా వినబడుతుంది. అమ్మమ్మ ఒక్కతే కూర్చొని ఉన్నది, మోకాళ్ల వల్ల. "పిల్ల నిక్షేపంలాగ మాట్లాడుతుంది గదయ్యా, ఎందుకు నిలబడ్డరు?" అన్నది. అప్పుడు కూర్చున్నం.

ఇంతటితో అయిపోతే నవ్వుకొని ఊరుకునేటోళ్లమే. నేను ఇంకొక్క పని చేసిన. అల్మారి పై అరల అక్క పళ్లెం ఉండిపోయింది. పొద్దున చూసి, అయ్యో మర్చిపోయిందే అనుకొని, కడిగి, తుడిచి, కొత్త సూట్‌కేసుల పెట్టిన. అందరి ముందు పెట్టె తెరిచి, పళ్లెం పైకెత్తి చూపించి, "అక్కా, నీ వస్తువు ఏదీ ఇక్కడ మిగిలిపోకుండ, నీ పళ్లెంతో సహా నీకు అప్పజెప్తున్నం" అన్న. అందరూ చప్పట్లు కొట్టిన్రు. అక్క మొహంల నవ్వు ఒక్కసారి ఆగిపోయింది. నేను అది దుఃఖమనుకున్న, నా ప్రసంగం పనిచేసిందనుకున్న. మాట్లాడమంటే లేచి, చేతిల కాగితం చూసి, మళ్లీ మడిచి పర్సుల పెట్టుకొని, "అందరికీ వందనాలు" అని కూర్చున్నది. కండ్ల నీళ్లు తిరిగినయ్. సమోసాలు చల్లారిపోయినయ్.

సాయంత్రం అత్తాకోడళ్లు సూట్‌కేసుతోని షేర్ ఆటో ఎక్కిన్రు. ఖానాపురం హవేలిల దిగి, ఆమె పెట్టె గుంజుకుంట సందుల నడుస్తుంటే, ఎదురింటోళ్లు, "ఏంది, పుట్టింటికి పోతున్నవా? అత్త ఏమన్న అన్నదా?" అని అడిగిన్రట. అమ్మమ్మ ఆదివారం ప్రార్థనల కూడా 'నేనేమనలే' అని సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చిందట.

సోమవారం పొద్దున ఆటో ఎక్కితే ఎదురుగ అక్క. శనివారం నేను 'నీ స్వరం ఇక వినిపించదు' అన్న మనిషి, నా మోకాలికి మోకాలు తగిలేంత దగ్గర్ల కూర్చొని ఉన్నది. ఏం మాట్లాడాలె? పరలోకానికి సాగనంపిన మనిషిని 'టిఫిన్ చేసినవా' అని ఎట్ల అడుగుతం? "బాగున్నవా తమ్మీ" అన్నది, అమెరికా నుంచో ఎక్కడి నుంచో వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు. "బాగున్న అక్కా, మీరెట్లున్నరు?" అన్న. ఏనాడూ లేంది 'మీరు' వచ్చేసింది నోట్లకు. ఇద్దరం రోడ్డు దిక్కు చూసుకుంట కూర్చున్నం. ఆమె దవాఖానా కంటే ముందే దిగిపోయింది. మంగళవారం ఆ ఆటోల లేదు. బుధవారమూ లేదు.

ఆ బుధవారం స్టోరు రూముల ఆరు పళ్లాలు. మేనేజర్ సారు అలవాటు కొద్దీ గదిల నుంచి వచ్చి, గాలి పీల్చి, వెనక్కి పోయిండు. కొత్త అమ్మాయి మంచిదే, కానీ 'తీరని లోటు' విన్నప్పటి నుంచి మాతోని కూర్చొని తినడానికి జంకి తన బల్ల దగ్గరే తినేది. రైతులు ఫోను చేసి అక్క ఏదని అడిగితే, పాపం ఆమెకు ఏడుపొచ్చేది. ఒక కోయ రైతు ఫోనుల ఏదో చెప్తున్నడు, సగం తెలుగు, సగం వాళ్ల మాట. అక్కకు ఒక్క ఫోను కొడితే ఒక్క నిమిషంల తేలిపోతది. కానీ కొట్టే మొహం ఎవరికీ లేదు. అంత పెద్దగ సాగనంపినంక, నాలుగో రోజే 'అక్కా, వాల్వును వాళ్లేమంటరు' అని ఎట్ల అడుగుతం?

నాకు మాత్రం అసలు బాధ వేరే. ఖమ్మంల నాకున్న ఒక్క మనిషి ఆమె. జ్వరమొస్తే చారు పంపేది ఆమె, మా అమ్మ ఫోను ఎత్తకపోతే ధైర్యం చెప్పేది ఆమె. పక్క సందులనే ఉన్న మనిషి నన్ను చూసి ఆటో మార్చుకుంటుంది, అదీ నేను రాసిన నాలుగు పేజీల వల్ల. రాత్రి అన్నం సయించలే.

ఆ వారం బాబాయి రాంగనే కాగితాలు ఆయన ముందు పెట్టిన. ఆయన అద్దాలు పెట్టుకొని నాలుగు పేజీలూ చదివిండు. మధ్యల ఒకసారి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు, నాలుగో పేజీకి ఛాయ్ మీద పోసుకున్నడు. తర్వాత, "పళ్లెం ఏది?" అని అడిగిండు.

"పెట్టెల పెట్టి ఇచ్చేసిన బాబాయ్. మర్చిపోయింది."

"మర్చిపోయిందారా? ఆరేండ్లు రోజూ తిన్న పళ్లెం మర్చిపోతదా ఆడమనిషి? కావాలని ఉంచింది. ఆ దవాఖాన్ల ఒంటిగంటకే అన్నం టైము, నడిస్తే పావుగంట. బుధవారం బుధవారం వస్తనని నాతోని చెప్పింది. సభల చెప్దామనుకున్నది." కాగితాలు మడిచి నా జేబుల పెట్టిండు. "నువ్వు మనిషిని బయటికి పంపి, లోపలి నుంచి గడియ పెట్టినవ్."

 ఆమె చేతిల ఉన్న కాగితం మడత గుర్తొచ్చింది. దాంట్ల ఏమున్నదో చదవనియ్యకుండ నాలుగు పేజీలు దాని మీద పరిచిన.

ఆ సాయంత్రం గదిల కూర్చొని ఫోనుల మెసేజ్ మొదలుపెట్టిన. 'గౌరవనీయురాలైన సోదరికి, అపరాధ భావంతో కుమిలిపోతూ' అని వచ్చింది. కొట్టేసిన. 'క్షమాపణలు' అని మొదలుపెడితే, కింది దాక జరిపేసరికి వేలు నొప్పిపెట్టేంత పొడుగైంది. అదీ కొట్టేసిన. రైతులతోని అక్క ఎట్ల మాట్లాడేదో గుర్తుచేసుకున్న. ఆమె ఏ రైతుకూ ఉపన్యాసం ఇయ్యలే. వాల్వు సంగతి అడిగేది, మెకానిక్ వచ్చే రోజు చెప్పేది, అంతే. చివరికి ఇట్ల పంపిన: "అక్కా, బుధవారం ఒంటిగంటకు అన్నానికి రా. పచ్చిపులుసు నేను చేస్త. పళ్లెం తెచ్చుకో, మళ్లీ తీస్కపోకు."

జీవితంల నేను రాసినవాటిల్ల అన్నిటికంటే చిన్నది అదే. పంపినంక రెండు గంటలు ఫోను దిక్కు చూసుకుంట కూర్చున్న. చదివినట్టు నీలం టిక్కులు పడ్డయ్, జవాబు లేదు. పోయింది, ఇంక అయిపోయింది అనుకున్న. పడుకోబోయే ముందు టింగుమన్నది.

"పచ్చిపులుసు నువ్వు చేస్తవా? వద్దు. నేనే తెస్త."

బుధవారం ఒంటిగంట పదినిమిషాలకు తలుపు దగ్గర అక్క. ఒక చేతిల క్యారియరు, ఇంకో చేతిల పళ్లెం. మేనేజర్ సారు ఆమె కంటే ముందు వచ్చి కూర్చున్నడు. అందరం జరిగి చోటిచ్చినం. కొత్త అమ్మాయిని అక్కనే చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నది. "కోయ రైతులు వాల్వు అనరు పిల్లా, చేతితోని తిప్పేది అంటరు, అట్లడిగితే సమజైతది" అని పచ్చిపులుసు పోసుకుంట చెప్పింది. నేను తల వంచుకొని తింటున్న. నా దిక్కు తిరిగి, "ఏం కవీ, మళ్లీ జన్మల కలుద్దామంటివి, గింత జల్దీ పిలిచినవ్?" అన్నది. పైపుల కట్టలు కదిలేటట్టు నవ్విన్రు అందరూ. నేను కూడా నవ్విన, కండ్లు తుడుచుకుంటనే. తినడం అయినంక ఆమె పళ్లెం కడిగి, అల్మారి పై అరల, దాని చోటుల బోర్లించి పోయింది.

సూట్‌కేసు మాత్రం వృథా పోలే. క్రిస్మస్ నక్షత్రం, రంగు కాగితాలు, గొర్రెపిల్లల బొమ్మలు, అన్నీ దాంట్లనే. ఏటా డిసెంబరుల అమ్మమ్మ దాన్ని మంచం కింది నుంచి తీయించి, వచ్చినోళ్లందరికీ, "మా కోడలు చచ్చిపోయినప్పుడు ఇచ్చిన్రు" అని చూపిస్తది.

నాలుగైదేండ్ల తర్వాత నా వంతు వచ్చింది. ఖమ్మంలనే ఇంకో కంపెనీల కొంచెం మెరుగైన కొలువు దొరికింది. పాత ఆఫీసుకు, కొత్త ఆఫీసుకు నడుమ ఒక సినిమా హాలు, రెండు టిఫిన్ సెంటర్లు. అప్పటికి నేను వీడ్కోలు విషయంల పండితుణ్ణి అయిపోయిన. ఎవరు కొలువు మారినా జూనియర్లకు బాబాయి పాఠమే నా పాఠమైనట్టు చెప్పేటోణ్ణి. గొంతు తగ్గించాలె, పని ఒక్కటి చెప్పాలె, రోజు పెట్టాలె. అయినా సభ రోజు పొద్దున తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్న, జేబుల రుమాలు రెండు పెట్టుకున్న. ఒకటి నాకు, ఒకటి ఎవరన్నా ఏడిస్తే ఇయ్యనీకి.

అక్క దవాఖానా నుంచి పర్మిషన్ పెట్టుకొని వచ్చింది. మాట్లాడమంటే లేచి, "దుమ్ముగూడెం లోడు సత్తుపల్లికి పంపినోడు, ఆ తర్వాత ఏనాడూ ఒక్క లోడు దారి తప్పనియ్యలే. కొత్త కొలువుకు సంతోషం. శుక్రవారం కూర నీదే" అని కూర్చున్నది. బాబాయి చప్పట్లు కొట్టిండు. సమోసాలు వేడిగ ఉన్నయ్. పావుగంటల సభ అయిపోయింది, అందరూ చేతులు కడుక్కొని ఫోన్లు ఎత్తుకున్నరు. ఒక్కరి కన్ను తడిసినట్టు లేదు. ఇన్నేండ్లు ఇదే పద్ధతి సరైందని చెప్పుకుంట తిరిగిన నేను, నా దాకా వచ్చేసరికి మొహం మాడ్చుకున్న. ఒక్కరన్నా ముక్కు చీదొద్దా? ఒక్క 'తీరని లోటు' అనొద్దా? బయటికి వస్తుంటే ఇంకోటి తట్టింది. నా పళ్లెం ఇయ్యలే. అడుగుదామంటే అహం అడ్డమొచ్చింది. ఉంచుకోండి, నా పళ్లెం కూడా ఎవరికీ పట్టలేదు అని గొణుక్కుంట రెండు పొడి రుమాళ్లతోని ఇంటికి పోయిన.

సోమవారం కొత్త ఆఫీసుల మధ్యాహ్నం ఎవరితోని కూర్చోవాల్నో తెల్వక, క్యారియరు తెరవకుండ బల్ల ముందు కూర్చున్న. ఒంటిగంట పావుకు ఫోను మోగింది, అక్క. వెనక పళ్లాల చప్పుడు, ఎవరో నీళ్లు అడుగుతున్నరు. బుధవారం వచ్చే మనిషి సోమవారం కూడా పాత ఆఫీసుకు పోయిందంటే నా కోసమే పోయి ఉండాలె.

"ఏందిరా, ఇంకా రాలే? నీ పళ్లెంల వడ్డించి పెట్టినం, అన్నం చల్లారుతుంది."

జేబుల ఆ రెండో రుమాలు ఇంకా ఉన్నది, అప్పుడు పనికొచ్చింది.